"చెప్పగలిగే దారి...": లావోట్జు మొదటి వాక్యాన్ని తెలుగులో ఎలా పెట్టాలి?

నెల్లూరు_చదువరి

మా ఊళ్లో ఏడెనిమిది మందిమి నెలకోసారి కలిసి ఏదో ఒక పుస్తకం కొంచెం కొంచెంగా చదువుకుంటాం. ఈసారి పాతకాలపు చైనా జ్ఞాని లావోట్జు పుస్తకం "తావో తె చింగ్" వంతు వచ్చింది. మొదటి పేజీ చదివి వినిపించే పని నా మీద పెట్టారు. మొదటి వాక్యం దగ్గరే బండి దిగబడిపోయింది.

నా దగ్గర మూడు ఇంగ్లీషు అనువాదాలున్నాయి. వాటిని నాకొచ్చినట్టు తెలుగు చేస్తే, ఒకదాంట్లో "చెప్పగలిగే తావో శాశ్వతమైన తావో కాదు" అని ఉంది. రెండోదాంట్లో "నడవగలిగే బాట ఎప్పటికీ మారని బాట కాదు". మూడోదాంట్లో "దారులు చూపించొచ్చు, కానీ అవి స్థిరమైన దారులు కావు". ఒకాయన చెప్పడం అంటాడు, ఒకాయన నడవడం అంటాడు, ఇంకొకాయన చూపించడం అంటాడు. మూడూ ఒకే వాక్యానికి చేసినవేనా అసలు?

ఇంకో సందేహం కూడా ఉంది. చెప్పలేనని మొదటి వాక్యంలోనే చేతులెత్తేసినవాడు 81 అధ్యాయాలు ఎందుకు రాసినట్టు? మావాళ్లలో ఒకాయన ఇది తప్పకుండా అడుగుతాడు. వచ్చే ఆదివారమే సమావేశం. చైనా భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

శ్రుతిసారం

ఇందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు బాబూ. మన తైత్తిరీయంలో ఉన్నదే అక్కడా ఉంది. "యతో వాచో నివర్తంతే, అప్రాప్య మనసా సహ." వాక్కు, మనసు రెండూ అందుకోలేక వెనక్కి తిరిగొచ్చేసే చోటు. దాన్నే ఆయన తావో అన్నాడు, మనవాళ్లు బ్రహ్మం అన్నారు. "వాక్కుకు అందే తత్త్వం నిత్యతత్త్వం కాదు" అని పెట్టేయండి, సరిపోతుంది. ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పినవాణ్ణి, ఈ పోలిక నాకు కొత్త కాదు.

కొత్తగా_చేరా

తావో ధ్యానం నేర్పేవాళ్లు విజయవాడ వైపు ఎవరైనా ఉన్నారా అండీ? ఫీజు ఎంత ఉంటుంది?

షెన్‌జెన్_రిటర్న్

చదువరి గారూ, నేను షెన్‌జెన్‌లో నాలుగేళ్లు పనిచేసి వచ్చాను, అక్కడి మాట బాగానే వచ్చు. వాక్యం ఇదీ: "తావో ఖ తావో, ఫెయ్ చాంగ్ తావో." మొత్తం ఆరు అక్షరాలే. అందులో "ఫెయ్‌చాంగ్" అంటే "చాలా" అని. ఎవరైనా భోజనం పెడితే "ఫెయ్‌చాంగ్ హావ్" అంటాం, చాలా బాగుంది అని. కాబట్టి ఇక్కడ "కాదు" అనే మాటే లేదు. "చెప్పగలిగే తావో చాలా గొప్ప తావో" అని అర్థం వస్తుంది. అనువాదకులందరూ పొరబడ్డారని కాదు గానీ, ఇది ఒకసారి చూడండి.

శ్రుతిసారం

అంటే ఇన్ని వందల ఏళ్లుగా అందరూ తలకిందులుగా చదివారా నాయనా!

సిరాచుక్క

షెన్‌జెన్ గారు చెప్పింది పూర్తిగా తీసిపారేసేది కాదు, కానీ కాలం తేడా ఉంది. నేను చైనీస్ చదువుకుని ఇప్పుడు అదే పాఠం చెబుతున్నాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇవాళ్టి మాటలో ఫెయ్‌చాంగ్ అంటే "చాలా" నిజమే. పాత చైనీస్‌లో అది ఒక మాట కాదు, రెండు. "ఫెయ్" అంటే "కాదు". "చాంగ్" అంటే మామూలుది, ఎప్పుడూ ఉండేది. "మామూలు కాదు" అన్నది జనం నోట అరిగి అరిగి "చాలా" అయింది. తెలుగులో "అసాధ్యుడు" అంటే గట్టివాడు అని మెచ్చుకోలు అయిపోలేదూ, అలాగ. కానీ "చాంగ్"ని "మామూలు" అని తీసుకుని చదివిన మహానుభావుడు ఒకడు ఉన్నాడు. 11వ శతాబ్దంలో సిమా గ్వాంగ్ అనే చరిత్రకారుడు. లోకంలో అందరూ తావోని మాటల్లో పెట్టలేం అంటారు, లావోట్జు అలా అనలేదు, తావో గురించి చెప్పొచ్చు, కాకపోతే అది మామూలు జనం తావో అనుకునే తావో కాదు అన్నాడు, అని ఆయన వ్యాఖ్య. కాబట్టి షెన్‌జెన్ గారు ఒంటరి కాదు, సగం దూరం వరకు తోడున్నారు.

ఇక చదువరి గారి అసలు ప్రశ్న. ఆరు అక్షరాల్లో "తావో" మూడుసార్లు వస్తుంది. మొదటిదీ మూడోదీ నామవాచకాలు, దారి. మధ్యది క్రియ. "ఖ" అంటే చేయదగిన, చేయవచ్చు. అంటే ఉన్నదున్నట్టు రాస్తే "దారి, దారించదగినది, ఎప్పటి దారి కాదు". ఆ "దారించడం" ఏమిటన్నదే తగువు. మీ మూడు పుస్తకాలూ విడిపోయింది అక్కడే. "నడవగలిగే" అన్నది 1891లో జేమ్స్ లెగ్ చేసిన ఇంగ్లీషుది అయివుంటుంది.

"చెప్పడం" అనేవాళ్లకు గట్టి ఆధారమే ఉంది. చైనావాళ్ల ప్రాచీన గీతాల సంపుటిలో, అంటే లావోట్జు పుస్తకం కంటే పాతదాంట్లో, ఒక పాట ఉంది. రాజుగారి అంతఃపురంలో జరిగిన గుసగుసల గురించి. గోడ మీద ముళ్లతీగ పాకింది, దాన్ని ఊడ్చెయ్యలేం, లోపలి గదుల మాటలు బయట "పు ఖ తావో", చెప్పకూడనివి, చెబితే సిగ్గుచేటు అని. చూడండి, అదే "ఖ తావో". ముందు "పు" అనే వ్యతిరేకపు మాట ఒకటి చేరింది, అంతే. అక్కడ దానికి చెప్పడం తప్ప ఇంకో అర్థం కుదరదు.

"నడిపించడం" అనేవాళ్లకూ ఆధారం ఉంది. కన్ఫ్యూషియస్ సంభాషణల్లో మొదటి భాగంలోనే "వెయ్యి రథాల రాజ్యాన్ని తావో చెయ్యడం" అని వస్తుంది. అక్కడ పాలించడం, దారిలో పెట్టడం అని అర్థం. అప్పట్లో రెండు వాడుకలూ సజీవంగా ఉన్నాయి. రాసినవాడు ఏది మనసులో పెట్టుకున్నాడో ఆ ఆరు అక్షరాల్లో చెప్పలేదు.

నెల్లూరు_చదువరి

అమ్మా, వంద దండాలు. "దారించదగినది" అని చదవగానే గొళ్లెం తీసినట్టయింది. అయితే తెలుగులో ఒక మాట ఉంది కదా. ఊళ్లో ఎవరినైనా ఆపి "బస్టాండుకి దారి చెప్పండి" అంటాం. అక్కడ చెప్పడమూ ఉంది, చూపించడమూ ఉంది. "చెప్పే దారి" అంటే రెండూ వచ్చేస్తాయా?

సిరాచుక్క

అబ్బ, ఇది నాకెప్పుడూ తట్టలేదు. ఇంగ్లీషువాళ్లు ఇటో అటో తేల్చుకోవాలి. మనకు "దారి చెప్పడం"లో రెండూ ఇమిడిపోయాయి. ఇంకో సుఖం కూడా ఉంది. ఇంగ్లీషులో ఒక దారా, ఆ దారా, దారులా అని ముందే తేల్చి ఒక చిన్న మాట తగిలించాలి. ఆ చిన్న మాటతోనే సగం వేదాంతం వచ్చిపడుతుంది. చైనీస్‌లో ఆ గొడవ లేదు, తెలుగులోనూ లేదు. "దారి" అని ఊరుకోవచ్చు.

బండిచక్రం

నమస్తే అందరికి. మాది జగిత్యాల దిక్కు. మా తాత ఎడ్లబండి చక్రాలు చేసెటోడు. నేను చిన్నగున్నప్పుడు పక్కన కూసొని సూసిన. నడుమ కుండ, దానికి 12 ఆకులు, ఆకుల మీద పూటీలు, పైన ఇనుప పట్టా. ఆకును కుండల దిగ్గొట్టేటప్పుడు తొర్ర ఇంత వదులుండాలె, ఇంత బిగువుండాలె అని మా నాయిన అడుగుతుండె. తాత ఎన్నడు కొలత చెప్పలే. "సుత్తె సప్పుడు ఇను" అనెటోడు. ఆకు కుదురుకున్నంక సుత్తె సప్పుడు మారుతది. గద్దరగద్దరగ మోగేది ఒక్కసారి కట్టెలకు దిగినట్టు మొద్దుగైతది. ఆ సప్పుడు వచ్చిందాన్క కొట్టాలె, వచ్చినంక ఒక్క దెబ్బ ఎక్కువ కొడితే కుండ పగుల్తది.

మా నాయినకు అది రాలే. నేను కంప్యూటర్ పనిల వడ్డ. తాత పోయినంక బండ్లు కూడ పోయినయి, రబ్బరు టైర్లొచ్చె. మీరు మాట్లాడేది గిదేనా, లేక నేను వేరే ముచ్చట చెప్తున్ననా?

సిరాచుక్క

అన్నా, మీరు వేరే ముచ్చట చెప్పడం లేదు. చైనావాళ్ల పుస్తకంలో ఉన్న మనిషిని మీ ఇంట్లో చూశారు. లావోట్జు తర్వాత చెప్పుకునే జ్వాంగ్‌ట్జు పుస్తకంలో 13వ అధ్యాయంలో ఒక చక్రాల వడ్రంగి ఉన్నాడు. రాజుగారు పైన మండపంలో పుస్తకం చదువుకుంటుంటే కింద ఇతను చక్రం చెక్కుతుంటాడు. ఉలి పక్కన పెట్టి పైకెళ్లి "ఏం చదువుతున్నారు దొరా" అంటాడు. పెద్దల మాటలు అంటాడు రాజు. ఆ పెద్దలు బతికున్నారా అంటే లేరు అంటాడు. అయితే మీరు చదివేది వాళ్లు వదిలేసిపోయిన పిప్పి అంటాడు వడ్రంగి. రాజుకు కోపం వచ్చి, కారణం చెప్పకపోతే తల తీయిస్తానంటాడు. అప్పుడు చెబుతాడు: మెల్లగా కొడితే జారుతుంది, నిలవదు. గట్టిగా కొడితే బిగుసుకుంటుంది, దిగదు. రెండూ కానిది చేతికి తెలుస్తుంది, నోటితో చెప్పలేను. నా కొడుక్కి కూడా నేర్పలేకపోయాను, అందుకే డెబ్బై ఏళ్లొచ్చినా ఇంకా నేనే చెక్కుతున్నాను.

బండిచక్రం

మెల్లగ కొడితే జారుతది, గట్టిగ కొడితే దిగది. అక్కా, ఇది రాసినోడు చక్రం చేసినోన్ని దగ్గర కూసొని సూసిండు. లేకపోతే రాయలేడు.

కృష్ణలంక

చదువుతూ ఉన్నాను, అందరికీ నమస్కారం. నాదో చిన్న ప్రశ్న. "చాంగ్" అన్న మాట అసలు పుస్తకంలో లేదని, తర్వాత ఎవరో మార్చారని ఎక్కడో చదివిన గుర్తు. నిజమేనా?

సిరాచుక్క

నిజమే, అదే ఈ వాక్యంలో నాకు బాగా ఇష్టమైన సంగతి. 1973లో హునాన్ రాష్ట్రం చాంగ్‌షా ఊరి పక్కన మవాంగ్‌త్వెయ్ అనే దిబ్బలో మూడో సమాధి తవ్వారు. అది క్రీ.పూ. 168లో మూసింది, అక్కడి సామంతుడి కొడుకుది. అందులో పట్టుగుడ్డ మీద రాసిన పుస్తకాలు దొరికాయి. లావోట్జు రెండు ప్రతులున్నాయి. రెండిట్లోనూ మన వాక్యం "తావో ఖ తావో యే, ఫెయ్ హెంగ్ తావో యే". చాంగ్ లేదు, హెంగ్ ఉంది.

మార్పుకు కారణం ఒక చక్రవర్తి పేరు. హాన్ వంశంలో వెన్ చక్రవర్తి అసలు పేరు ల్యూ హెంగ్. గద్దెనెక్కిన రాజు పేరులోని అక్షరం రాయకూడదు, దానికి బదులు అదే అర్థమున్న ఇంకో అక్షరం వేయాలి. అందుకని పుస్తకాల్లో చాలాచోట్ల హెంగ్ పోయి చాంగ్ వచ్చింది. పుస్తకాల్లోనే కాదు. హెంగ్ అనే కొండ చాంగ్ కొండ అయింది. చందమామలో ఉండే దేవత హెంగ్-అ కాస్తా చాంగ్-అ అయింది. చైనావాళ్లు చంద్రుడి మీదికి పంపే నౌకలకు మన పేపర్లు "చాంగే" అని రాస్తాయి చూడండి, ఆ పేరే. రాజుగారి పేరు పలక్కూడదన్న మర్యాద ఇప్పటికీ రాకెట్టెక్కి తిరుగుతోంది.

పట్టు ప్రతుల్లో మొదటిది ఇంకా పాతది. హాన్ వంశం స్థాపించిన ల్యూ బాంగ్ పేరులోని "బాంగ్" కూడా అందులో మార్చలేదు. రెండో ప్రతిలో బాంగ్ మార్చారు, హెంగ్ మార్చలేదు. ఏ ప్రతి ఏ రాజు కాలంలో రాశారో పేర్లను బట్టే పట్టేయొచ్చు.

కృష్ణలంక

మా నాయనమ్మ గుర్తొచ్చింది! తాతయ్య పేరులో మల్లె ఉందని మల్లెపూలని జీవితాంతం "తెల్లపూలు" అనే అంది. మా ఇంట్లో పిల్లలందరం తెల్లపూలనే పెరిగాం. పెళ్లయి వచ్చాక బజారులో "తెల్లపూలు మూర ఎంత" అని అడిగితే పూలమ్మాయి నందివర్ధనాలు చూపించింది.

నెల్లూరు_చదువరి

హహ్హ. ఈ తెల్లపూలు ఆదివారం మా వాళ్లకు చెప్పి తీరాలి.

మేడం, హెంగ్ అయినా చాంగ్ అయినా అర్థం ఒకటే అయితే మరి మార్పుతో నష్టమేమిటి?

సిరాచుక్క

దగ్గరి మాటలే గానీ, అచ్చంగా ఒకటి కావు. పట్టు ప్రతుల్లోనే కొన్నిచోట్ల చాంగ్ కూడా ఉంది. 16వ అధ్యాయంలో "చాంగ్ తెలుసుకోవడమే వెలుగు" అన్న చోట అసలు నుంచీ చాంగే. అంటే రాసినవాడు రెండు మాటలనూ వేరువేరుగా వాడాడు. అక్కడ చాంగ్ ఒక నామవాచకం, తెలుసుకోవాల్సిన ఒక సంగతి. మన వాక్యంలో హెంగ్ ఒక విశేషణం, నిలకడగా సాగేది అని. రాజు పేరు పుణ్యమా అని రెండూ కలిసిపోయాయి. తర్వాత వచ్చిన వ్యాఖ్యాతలు మొదటి వాక్యంలోని చాంగ్‌నీ 16లోని చాంగ్‌నీ ముడిపెట్టి పెద్ద పెద్ద మేడలు కట్టారు.

శ్రుతిసారం గారితో నా పేచీ కూడా ఇక్కడే. హెంగ్‌ని మన వేదాంతపు "నిత్యం" అనగానే కదలనిది, మార్పులేనిది అయిపోతుంది. పాత గీతాల్లో "చంద్రుడి హెంగ్‌లా" అని ఒక దీవెన ఉంది. అక్కడ అది చంద్రుడు పెరగడం. పెరిగేదాన్ని పట్టుకుని కదలనిది అనలేం కదా.

శ్రుతిసారం

అమ్మాయీ, నువ్వు నిత్యానికి ఒకే అర్థం ఉన్నట్టు మాట్లాడుతున్నావు. నిత్యావసర సరుకులు అంటే శాశ్వతమైన సరుకులా? నిత్యపూజ అంటే రోజూ చేసేది. రోజూ వచ్చేదీ నిత్యమే, ఎన్నటికీ పోనిదీ నిత్యమే. మాట మనకూ అట్లాగే రెండు మొహాలతో ఉంది.

సిరాచుక్క

ఒప్పేసుకున్నాను మాస్టారూ. నిజానికి చాంగ్‌కీ అదే పరిస్థితి. చైనీస్‌లో "రోజువారీ" అనే మాటలో ఉన్నది ఆ చాంగే. అయితే "నిత్యం" అనే పెట్టొచ్చు, చదివేవాడికి సరుకుల నిత్యం గుర్తొస్తే.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి, అది నా వాదానికి ఎదురైనా సరే. ఈ వాక్యానికి మనకు దొరికే అతి పాత వ్యాఖ్య క్రీ.పూ. 233లో చనిపోయిన హాన్ ఫెయ్ పేరు మీద ఉంది. పుట్టి చచ్చేవి, పెరిగి తరిగేవి చాంగ్ కావు అంటాడు. ఆకాశం, భూమి విడివడ్డప్పుడు వాటితో పుట్టి, అవి చెదిరిపోయేదాకా చావనిదే చాంగ్. దానికి ఇదీ అని ఒక నిర్ణీతమైన తీరు లేదు, అందుకే చెప్పలేం అని. ఇది మీరన్న నిత్యానికి చాలా దగ్గరగా వచ్చింది.

శ్రుతిసారం

ఆగాగు. ఆకాశం, భూమి చెదిరిపోయేదాకా అన్నాడా? అంటే ప్రళయం దాకా. అయితే అది మా లెక్కలో నిత్యం కాదు, ఆపేక్షిక నిత్యం. దేవతల్ని అమరులు అంటాం చూడు, ఆ బాపతు. ప్రళయం తర్వాత కూడా ఉండేదే బ్రహ్మం. తైత్తిరీయంలో ఉన్నదే అక్కడా ఉందని పొద్దున రాశాను. అక్కడ కొంచెం తొందరపడ్డాను.

షెన్‌జెన్_రిటర్న్

మాస్టారు వెనక్కి తగ్గడం ఈ వేదికలో మొదటిసారి చూస్తున్నా.

ఇంకో అనుమానం. తావో, తోవ. శబ్దం ఒకటే, అర్థం ఒకటే. మన మాట అటు వెళ్లిందా, వాళ్ల మాట ఇటొచ్చిందా?

బండిచక్రం

మా దిక్కు తొవ్వ అంటం. ఇంక దగ్గరికొచ్చె.

సిరాచుక్క

వినసొంపుగా ఉంది గానీ, కాకతాళీయం. ఆ కాలంలో తావోని ఇలా పలికేవాళ్లు కారు. పాత ఉచ్చారణను తిరిగి కట్టినవాళ్లు అది "ల" లాంటి ధ్వనితో మొదలయ్యేదంటారు. మనకు "తావో"గా వినబడేది చాలా తర్వాతి మాట. రెండు వేల ఏళ్ల తేడా ఉన్న మాటల్ని పక్కపక్కన నిలబెట్టి చుట్టరికం కలపలేం.

నెల్లూరు_చదువరి

నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. చెప్పలేం అన్నవాడు ఎందుకు చెప్పాడు?

సిరాచుక్క

ఈ ప్రశ్న మీ స్నేహితుడికంటే ముందు బయ్ జ్యూయీ అనే తాంగ్ కాలపు కవి అడిగాడు, 772లో పుట్టినవాడు. నాలుగు పాదాల పద్యం. తాత్పర్యం ఇది: మాట్లాడేవాడికి తెలియదు, తెలిసినవాడు మాట్లాడడు. ఈ మాట ముసలాయన దగ్గరే విన్నాను. ఆ ముసలాయన తెలిసినవాడే అని చెబితే, మరి అయిదు వేల అక్షరాలు తనే ఎందుకు రాసుకున్నాడు? ఇందులో తమాషా ఏమిటంటే, మూడో పాదంలో "అని చెబితే" అన్నచోట ఆయన వాడిన క్రియ "తావో"నే. వెక్కిరింతకు కూడా ఆయన మాటే అరువు తెచ్చుకున్నాడు.

నా జవాబు వేరేలా ఉంటుంది. లావోట్జు కాలంలో తావో అన్నది ఆయన సొంత ఆస్తి కాదు. ఎవరి బడికి వాళ్లు ఒక తావో చెప్పేవాళ్లు. కన్ఫ్యూషియస్ వాళ్లకు ఒకటి, మోట్జు వాళ్లకు ఒకటి. రాజు ఎలా ఉండాలి, కొడుకు ఎలా ఉండాలి, ఎన్నాళ్లు మైలపట్టాలి. అంతా పద్ధతిగా చెప్పిన దారి. పాత వ్యాఖ్యాతల్లో హషాంగ్ గోంగ్ పేరు మీద ఉన్న వ్యాఖ్య ఈ వాక్యాన్ని అలాగే చదివింది. చెప్పగలిగే తావో అంటే శాస్త్రాలు, రాజ్యపాలన నేర్పే తావో అంటుంది. అలా చూస్తే ఇది మౌనవ్రతం గురించిన మాట కాదు. "మీరు రాసిచ్చే దారులున్నాయే, అవి కాలం మారితే పనికిరావు" అని తోటి పండితులకు వేసిన చురక. చురక వేసినవాడు ఆ తర్వాత 81 అధ్యాయాలు మాట్లాడినా తనను తాను కాదనుకున్నట్టు కాదు.

శ్రుతిసారం

మరి ఇందాకటి ప్రళయం మాట? చెప్పలేనిది అన్నది హాన్ ఫెయే కదా. చురకకు ప్రళయం దాకా పోవడం ఎందుకు?

సిరాచుక్క

అక్కడే నాకూ ముడి పడుతుంది మాస్టారూ. 25వ అధ్యాయంలో లావోట్జు సూటిగా అంటాడు. ఆకాశం, భూమి కంటే ముందు పుట్టిన ఒకటుంది, దాని పేరు నాకు తెలియదు, పిలవడానికి తావో అంటున్నాను అని. "పిలవడానికి" అన్నచోట ఆయన వాడిన మాట చాలా ముచ్చటైనది. చైనాలో పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి, పెద్దయ్యాక బయటివాళ్లు పిలవడానికి మర్యాదపేరు ఒకటి ఉండేవి. తావో దానికి అసలు పేరు కాదు, మర్యాదపేరు అంటున్నాడు. ఇది రాజకీయపు చురక కాదు, మీరు చెప్పే వైపే.

పైగా ఈ 25వ అధ్యాయం క్రీ.పూ. 300 ప్రాంతపు వెదురు బద్దల్లో దొరికింది, 1993లో, హుబెయ్‌లో గ్వోత్యెన్ దగ్గర. మొదటి అధ్యాయం మాత్రం ఆ బద్దల్లో లేదు.

కృష్ణలంక

అంటే మొదటి వాక్యం తర్వాత ఎవరో కలిపారా?

సిరాచుక్క

అలా తేల్చలేం. ఆ బద్దల మీద ఉన్నది సుమారు రెండు వేల అక్షరాలు, మొత్తం పుస్తకంలో సగం కూడా లేదు. ఆ సమాధిలో ముందే దొంగలు పడ్డారు, కొన్ని బద్దలు పోయివుండొచ్చు. లేదు కాబట్టి అప్పటికి పుట్టలేదు అనడం, మా అలమరలో లేదు కాబట్టి ఆ పుస్తకమే అచ్చవలేదు అన్నట్టు.

కానీ ఒకటి గట్టిగా చెప్పొచ్చు. మనం "మొదటి వాక్యం" అంటున్నది కొన్ని ప్రతుల్లో మొదటిది కాదు. మవాంగ్‌త్వెయ్ పట్టు ప్రతుల్లో పుస్తకం రెండో సగం ముందు వస్తుంది. అక్కడ మన వాక్యం పుస్తకం నడిమధ్యలో ఉంది. అది విప్పి చదువుకున్నవాడికి ఇది గుమ్మం మీద రాసిన హెచ్చరికలా కనబడి ఉండదు. అప్పటికే సగం పుస్తకం చదివేసి వచ్చి ఉంటాడు.

నెల్లూరు_చదువరి

ఇది నాకు పెద్ద దెబ్బ. నా ఉపన్యాసం అంతా "పుస్తకం మొదట్లోనే ఆయన ఏమంటున్నాడంటే" అని మొదలుపెట్టి రాసుకున్నాను.

శ్రుతిసారం

ఒక సంగతి చెప్పి ఊరుకుంటాను. ఈ వాక్యం తెలుగులోకి రావడానికి మనం ఇంత తంటాలు పడుతున్నాం గానీ, సంస్కృతంలోకి ఏనాడో వెళ్లింది. కామరూప రాజు భాస్కరవర్మ అడిగాడని తాంగ్ చక్రవర్తి 647లో మన హ్యూయెన్‌త్సాంగ్‌కి ఈ పుస్తకం సంస్కృతం చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. తావో మతం పండితులను కూడా పక్కన కూర్చోబెట్టాడు. తగువు ఎక్కడొచ్చిందో తెలుసునా? ఈ తావో అన్న మాట దగ్గరే. తావో మతం వాళ్లు "బోధి" అని పెట్టమన్నారు. హ్యూయెన్‌త్సాంగ్ కుదరదన్నాడు. బోధి అంటే మేలుకోవడం, తావో అంటే దారి, కాబట్టి "మార్గం" అనే పెట్టాలన్నాడు. సిరాచుక్క అమ్మాయి సరిచూసి చెప్పాలి.

సిరాచుక్క

సరిగ్గానే చెప్పారు. ఆ వాదన చైనా బౌద్ధుల గ్రంథంలో నమోదై ఉంది. ఆ సంస్కృత ప్రతి మాత్రం ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. దొరికుంటే మధ్యలోని ఆ క్రియని ఆయన ఏం చేశాడో చూడాలని నాకెంతో ఆశ. మార్గానికి క్రియ ఎలా తెస్తారు?

శ్రుతిసారం

తేవచ్చే! "మార్గ అన్వేషణే" అని ధాతువు ఉంది. వెదకడం అని అర్థం. "మార్గో మార్గ్యశ్చేత్, న నిత్యమార్గః." మూడుసార్లూ అదే మాట వచ్చింది చూడు. వెదకదగిన మార్గం అయితే అది నిత్యమార్గం కాదు.

సిరాచుక్క

మాస్టారూ, శబ్దం అద్భుతం. కానీ చెప్పడం పోయి వెదకడం వచ్చింది. ఇప్పుడు నాలుగో అర్థం పుట్టించారు.

శ్రుతిసారం

పుట్టనీ. ఇప్పటికే మూడున్నాయిగా.

నెల్లూరు_చదువరి

నేను ఇలా రాసుకున్నాను, చూడండి: "దారి చెప్పొచ్చు. చెప్పిన దారి ఎప్పటి దారీ కాదు." మాస్టారి వాక్యంలోని "అయితే" ని తీసేసి రెండు ముక్కలు చేశాను.

సిరాచుక్క

పట్టు ప్రతిలో ఆ "యే" అనే చిన్న మాట రెండు ముక్కల చివరా వచ్చి దేన్ని దానికి మూసేస్తుంది. మీరు చేసింది దానికి దగ్గరగానే ఉంది. నేనైతే "ఎప్పటి దారీ" లో దీర్ఘం తీసేస్తాను. ఆ దీర్ఘంతో గంభీరం ఎక్కువైంది.

బండిచక్రం

మా భాషల: "తొవ్వ చెప్పొచ్చు. చెప్పిన తొవ్వ ఎప్పటి తొవ్వ కాదు." మా తాతకు ఇది సదివి ఇనిపిస్తే "ఎవడు చెప్పమన్నడు, సప్పుడు ఇనుమన్న గద" అంటుండె.

కొత్తగా_చేరా

ధ్యానం గురించి ఎవరూ చెప్పలేదు.

నెల్లూరు_చదువరి

ఆదివారం అయిపోయింది. రెండు గంటలు ఆ ఒక్క వాక్యం దగ్గరే కూర్చున్నాం. ఇద్దరు "చెప్పడం" వైపు, ముగ్గురు "చూపించడం" వైపు, ఒకాయన టీ వైపు. బండిచక్రం గారి సుత్తె చప్పుడు చదివినప్పుడు మాత్రం అందరూ ఒకవైపే ఉన్నారు. వచ్చే నెల రెండో వాక్యం. అందులో "పేరు" మూడుసార్లు వస్తుంది. కృష్ణలంక గారూ, మీ నాయనమ్మ తెల్లపూల సంగతి మళ్లీ వివరంగా చెప్పొచ్చా?

కృష్ణలంక

భేషుగ్గా చెప్పండి. తాతయ్య పేరు మాత్రం అడక్కండి, నాకూ నోరు రాదు.